మూడేళ్లుగా ఈఓక్యూ, రీఆర్డర్ పాయింట్ వాడుతున్నాను: కావలి మెడికల్ షాపు నుంచి

కావలిలో మాదొక మామూలు మెడికల్ షాపు. నాన్న కౌంటర్లో ఉన్నన్నాళ్లూ రాత్రి షట్టర్ వేసే ముందు అరల వంక ఒకసారి చూసి, తగ్గినవి షార్టేజీ పుస్తకంలో రాసేవాడు. అదే మా ఆర్డర్ పద్ధతి. మూడేళ్ల కిందట నేను రోజూ పోయే నలభై రకాలను ఎంచుకుని, ఒక్కోసారి ఎంత తెప్పిస్తే ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూతోనూ, స్టాకు ఎంతకు దిగితే మళ్లీ ఆర్డర్ పెట్టాలో చెప్పే రీఆర్డర్ పాయింట్‌తోనూ ఎక్సెల్‌లో లెక్కగట్టడం మొదలుపెట్టాను. ఇందులో ఈఓక్యూ గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. రీఆర్డర్ పాయింట్ మాత్రం మొదటి ఏడాదంతా నన్ను ముంచింది, తప్పు నాదే.

షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ 500 సంగతే తీసుకుంటాను. రోజుకు సగటున 24 స్ట్రిప్పులు పోతాయి, అంటే ఏడాదికి 360 రోజుల లెక్కన 8,640. స్ట్రిప్పు మాకు పడేది 20 రూపాయలు. ఒక్కో ఆర్డర్‌కు ఫోను, పార్సిల్ కూలీ, బిల్లూ బ్యాచ్ నంబర్లూ సరిచూసి ఎక్కించే కుర్రాడి టైము, అన్నీ కలిపి 60 రూపాయలు వేసుకున్నాను. సరుకు అరలో కూర్చున్నందుకు బ్యాంకు వడ్డీ, ఎక్స్‌పైరీ నష్టం కలిపి ఏడాదికి ధరలో 20 శాతం, అంటే స్ట్రిప్పుకు 4 రూపాయలు. ఈఓక్యూ 509 వచ్చింది.

ఆ 509ని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. ఈ లెక్కన ఆర్డర్ ఖర్చు, నిల్వ ఖర్చు కలిపి ఏడాదికి 2,036 రూపాయలు. ఒక్కోసారి 400 తెప్పిస్తే 2,096 అవుతుంది, 700 తెప్పిస్తే దాదాపు 2,141. నూరు రూపాయల తేడా కోసం తల బద్దలు కొట్టుకోవడం దండగ. నేను 500 తెప్పిస్తున్నాను. స్టాకిస్టు స్కీము ఇస్తే 700 దాకా పోతాను, అదీ ఎక్స్‌పైరీ తేదీ దూరంగా ఉంటేనే.

అసలు కష్టం సరుకు ఎప్పుడొస్తుందో తెలియకపోవడంలో ఉంది. మా స్టాకిస్టు నెల్లూరులో ఉంటాడు, దూరం యాభై కిలోమీటర్ల పైచిలుకు. మామూలుగా రెండో రోజుకు పార్సిల్ వచ్చేస్తుంది. శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఆదివారం కలిసి ఇంకో రోజు పోతుంది. ఆయన దగ్గరే సరుకు లేకపోతే విజయవాడ నుంచి రావాలి. మార్చి ఆఖర్లో స్టాకు లెక్కలంటాడు. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చిన వారం గురించి ఇక చెప్పనక్కర్లేదు.

మొదటి ఏడాది నేను రోజువారీ అమ్మకంలోని హెచ్చుతగ్గులనే లెక్కలోకి తీసుకున్నాను. సరుకు రావడానికి సగటున 3 రోజులు, అమ్మకం సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ రోజుకు 9 స్ట్రిప్పులు. నూటికి 95 ఆర్డర్లలో షార్ట్ రాకూడదనుకుని ఆ మూడు రోజుల హెచ్చుతగ్గును 1.65తో హెచ్చించి, మూడు రోజుల అమ్మకం 72కు కలిపితే రీఆర్డర్ పాయింట్ 98 వచ్చింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఒక సాయంత్రం ఒక పెద్దావిడ ఖాళీ స్ట్రిప్పును చెంగు కొసన ముడేసుకుని వచ్చి కౌంటర్ మీద పెట్టింది. లేవని చెప్తే, "లేదా నాయనా? మళ్లీ రేపు ఆటోకి డబ్బులు పెట్టుకుని రావాల్నా?" అంది. ఆమె చీటీలో ఉన్న బీపీ బిళ్లలూ గ్యాస్ బిళ్లలూ కూడా పక్క షాపుకే పోయాయి.

అప్పుడు పాత ఆర్డర్లు ఇరవై తీసి రోజులు లెక్కపెట్టాను. రెండు రోజుల్లో వచ్చినవి 11, మూడు రోజుల్లో 4, నాలుగు రోజుల్లో 2. మిగతా మూడింటిలో ఒకటి అయిదు రోజులకు, ఒకటి ఆరు రోజులకు, ఒకటి ఏడు రోజులకు వచ్చింది. సగటు 3 సరిగ్గానే ఉంది. కానీ స్టాండర్డ్ డీవియేషన్ 1.5 రోజులు, దాన్ని నేను అసలు లెక్కలోకే తేలేదు. రెండూ కలిపిన సూత్రం ఇది:

```
=SQRT(2*B1*B2/B3)
=B4*B5+1.65*SQRT(B5*B6^2+B4^2*B7^2)
```

మొదటి వరుస ఈఓక్యూ: B1 ఏడాది అమ్మకం, B2 ఆర్డర్ ఖర్చు, B3 స్ట్రిప్పు నిల్వ ఖర్చు. రెండోది రీఆర్డర్ పాయింట్: B4 రోజు అమ్మకం, B5 సరుకు రావడానికి పట్టే సగటు రోజులు, B6 అమ్మకంలోని హెచ్చుతగ్గు, B7 ఆ రోజుల్లోని హెచ్చుతగ్గు. వర్గమూలం లోపల అమ్మకం వాటా 243, ఆలస్యం వాటా 1,296. నేను వదిలేసిందే పెద్దది. కలిపితే పాయింట్ 137కి చేరింది.

అప్పటికీ పూర్తిగా కుదరలేదు. రోజుకు 24 చొప్పున 137 స్ట్రిప్పులు అయిదున్నర రోజులకు కొంచెం పైగా సరిపోతాయి. ఆరు, ఏడు రోజులు పట్టిన ఆర్డర్లు రెండూ షార్టే. నూటికి అయిదన్నది ఇరవైకి రెండు, అంటే నూటికి పది అయింది. మా స్టాకిస్టు ఆలస్యాలు సూత్రం అనుకున్నట్టు సగటుకు అటూ ఇటూ సమానంగా, గుడి గంట ఆకారంలో ఉండవు మరి. ఎక్కువసార్లు రెండు రోజులు, అప్పుడప్పుడూ ఒక్కసారిగా వారం. అందుకే ఇప్పుడు సూత్రం ఇచ్చిన అంకె పక్కన నేను చూసిన అతి పెద్ద ఆలస్యాన్ని కూడా పెట్టుకుని చూస్తాను. ఏడు రోజులకు 168 కాబట్టి 170 పెట్టాను. అదనంగా పడిన 33 స్ట్రిప్పుల నిల్వ ఖర్చు ఏడాదికి 132 రూపాయలు. మెట్‌ఫార్మిన్‌కు ఇది కళ్లు మూసుకుని పెట్టొచ్చు. ఫ్రిజ్‌లో ఉంచే ఖరీదైన ఇన్సులిన్‌కు మాత్రం ఇలా చేయను. దానికి రెండో స్టాకిస్టును పెట్టుకున్నాను.

ఆలస్యాన్ని కొలవడంలోనూ ఒకసారి బోల్తాపడ్డాను. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనుగోలు తేదీ కింద బిల్లు మీది తేదీనే చూపిస్తుంది. బిల్లు నెల్లూరులో ముందే కొట్టేస్తారు, పార్సిల్ ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. దాన్ని నమ్మితే అంతా ఒకటిన్నర రోజులే అనిపిస్తుంది. ఫోన్ చేసిన రాత్రి, సరుకు అరలో పడిన రోజు: ఈ రెండింటినీ నేనే పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇంకో సంగతి, అరలో ఉన్నదానికి దారిలో ఉన్నదాన్ని కూడా కలిపి పాయింట్‌తో పోల్చాలి. ఒకసారి అది మరిచి, మొదటి 500 దారిలో ఉండగానే మళ్లీ ఫోన్ చేశాను. వెయ్యి స్ట్రిప్పులు మెట్ల కింద పెట్టాల్సి వచ్చింది. నాన్న ఏమీ అనలేదు, కానీ రోజూ ఆ అట్టపెట్టెల మీదే చెయ్యి ఆన్చి చెప్పులు వేసుకునేవాడు.

ఈ సూత్రం పట్టుకోలేనిది ఒకటో తేదీ. పింఛన్లు అందగానే ఆ అయిదు రోజులు మెట్‌ఫార్మిన్ రోజుకు దాదాపు 40 పోతుంది, మిగతా నెలంతా 21 దగ్గర ఆడుతుంది. 40 చొప్పున పోతే నా 170 నాలుగు రోజులకే సరి. అందుకని 25వ తేదీ రాత్రి పాయింట్‌తో సంబంధం లేకుండా చూస్తాను, 300 కంటే తక్కువుంటే అప్పుడే చెప్పేస్తాను. బీపీ బిళ్లలకూ ఇదే పాటిస్తున్నాను. మే నెల ఎండల్లో ఓఆర్ఎస్‌కు మాత్రం ఏడాది సగటు ఎందుకూ కొరగాదు. దానికి కిందటేడు ఏప్రిల్, మే అమ్మకాలనే వేరుగా తీసుకుని లెక్క కట్టుకుంటున్నాను.