హనీమూన్‌కి వెళ్లేవాళ్లకి లగేజీ కాటా: ఆరేళ్లు వాడాక నా మాట

మా పెళ్లి 2019 ఫిబ్రవరిలో గుంటూరులో జరిగింది. చదివింపులన్నీ అయ్యాక విప్పి చూసుకుంటే గోడ గడియారాలే నాలుగు వచ్చాయి. డిన్నర్ సెట్లు మూడు, రాధాకృష్ణుల ఫోటోలు రెండు. ఇవేవీ బాలీ తీసుకెళ్లేవి కావు. సత్యనారాయణ వ్రతం అయిన మర్నాడు మా మేనత్త వచ్చి ఒక చిన్న గుడ్డసంచి నా చేతిలో పెట్టింది. "అమ్మాయీ, ఇది అటక మీద పెట్టేది కాదు, పెట్టెలో పెట్టుకునేది" అంది. లోపల లగేజీ తూచే చేతి కాటా, రెండు చేనేత తువ్వాళ్లు, పైన 116 రూపాయలు. ఆ రెండు వస్తువులూ ఈ రోజుకీ మా ఇంట్లో వాడుకలో ఉన్నాయి. పెళ్లయి హనీమూన్‌కి బయల్దేరేవాళ్లకి ఏమివ్వాలని ఎవరడిగినా ముందు ఈ కాటా పేరే చెబుతాను.

కాటా బరువు వంద గ్రాములకి అటూఇటూ, పొడవు జానెడు కూడా ఉండదు. 50 కేజీల వరకు తూస్తుంది. ఒక చివర పట్టీ, పట్టీకి క్లిప్పు. పట్టీని పెట్టె పిడి కిందుగా తిప్పి క్లిప్పు వేసి, బటన్ నొక్కి, సున్నా కనిపించాక పైకెత్తాలి. చెయ్యి ఊగకుండా మూడు నాలుగు సెకన్లు పట్టుకుంటే బీప్ మంటుంది, అంకె అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత పెట్టె దించేసి తీరిగ్గా చూసుకోవచ్చు. అంకె ఆగే ఈ సదుపాయం లేని కాటా కొనకండి. ఇరవై కేజీల పెట్టెని ఒక చేత్తో పట్టుకుని, మెడ వంచి అంకె చదవడం అయ్యే పని కాదు.

మొదటిసారి ఇంట్లో తూచినప్పుడే తప్పు చేశాను. నా పెట్టె 14.3 చూపించింది. మా ఆయనకి అనుమానం వచ్చి మళ్లీ ఎత్తితే 16.1 వచ్చింది. చూస్తే, నేను ఎత్తినప్పుడు పెట్టె చక్రం ఒకటి నేలని ఆనుకునే ఉంది. చక్రం నేలకి తగిలినా, పెట్టె మోకాలికి ఆనినా, మంచం అంచుకి తగిలినా బరువు తక్కువే చూపిస్తుంది. అందుకే ఇద్దరం కలిసి తూచడం అలవాటు చేసుకున్నాం. కాటా పిడిలోంచి గట్టి కర్ర ఒకటి దూర్చి, చెరో చివర పట్టుకుని ఎత్తుతాం. పెట్టె తిన్నగా వేలాడుతుంది, చెయ్యి కూడా నొప్పి పుట్టదు. ఇంకోసారి అంకె ఏకంగా 33 చూపిస్తే టెన్షన్ పడిపోయాను. తీరా చూస్తే బటన్ ఎక్కడో నొక్కుకుపోయి కేజీలు కాస్తా పౌండ్లయ్యాయి. 33 పౌండ్లంటే 15 కేజీలే.

ఇది నిజంగా అక్కరకొచ్చింది బాలీ నుంచి తిరిగొచ్చేటప్పుడు. మా టికెట్ మీద మనిషికి 20 కేజీల చెక్-ఇన్ లగేజీ రాసి ఉంది. ముందు రోజు రాత్రి హోటల్ గదిలో తూస్తే నాది 21.9, ఆయనది 17.6. నా పెట్టెలోంచి కాఫీ పొట్లాలు, రెండు జతల చెప్పులు తీసి ఆయన పెట్టెలో సర్దితే నాది 19.8, ఆయనది 19.7 అయ్యాయి. పొద్దున ఎయిర్‌పోర్ట్ కౌంటర్ మీద రెంటికీ వంద గ్రాముల తేడాయే వచ్చింది. మా పక్క వరసలో ఒక కొత్త జంట నేల మీద పెట్టె పరిచి, అందరూ చూస్తుండగా బట్టలు తీసి హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుంటున్నారు. ఆ అమ్మాయి మొహం చూస్తే నాకే బాధేసింది. పెళ్లయిన వారం పది రోజులకే అంతమందిలో అలా నిలబడాల్సి రావడం ఎవరికైనా కష్టమే.

తర్వాత కోవిడ్ వచ్చింది. రెండేళ్లు ఎక్కడికీ వెళ్లలేదు, కాటా బీరువాలోనే ఉండిపోయింది. తీసి చూస్తే ఆన్ కాలేదు. వెనక మూత తీస్తే సన్న సెల్స్ రెండూ కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంది. చెవి పుల్లని నిమ్మరసంలో ముంచి ఆ పొడి తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తి, ఒక పూట ఆరనిచ్చి కొత్త సెల్స్ వేస్తే పనిచేసింది. అప్పటి నుంచి ఊరి నుంచి రాగానే సెల్స్ తీసి పక్కన పెడుతున్నాను.

లెక్క తప్పుతోందా అని ఏడాదికోసారి పది కేజీల బియ్యం సంచి తూచి చూస్తాను. కొత్తలో సంచితో కలిపి 10.06 చూపించేది, ఇప్పుడు 9.94 చూపిస్తోంది. అంటే ఉన్నదానికంటే కొంచెం తక్కువ చెబుతోంది. అందుకని పరిమితికి అర కేజీ లోపలే ఆపేస్తాను. ఆరేళ్ల తర్వాత ఆ మాత్రం తేడా నాకు ఇబ్బంది అనిపించలేదు.

తువ్వాళ్ల సంగతికొస్తే, టర్కీ టవల్ తడిస్తే రాత్రంతా ఆరదు. తడిదే పెట్టెలో పెడితే బరువు, పైగా ముక్క వాసన. పల్చటి చేనేత తువ్వాలు ఫ్యాన్ కింద రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. బీచ్‌లో పరుచుకున్నాం, ఎండకి తల మీద కప్పుకున్నాం, విమానంలో చలేస్తే భుజాల మీద వేసుకున్నాం. ఒక్కటే పొరపాటు జరిగింది. గంజితో ఉన్న కొత్తదాన్ని ఉతక్కుండానే తీసుకెళ్లాం. మొదట తడి పీల్చుకోలేదు, పైగా ఎర్ర అంచు రంగు దిగి మా ఆయన తెల్ల చొక్కాకి అంటింది. ఆ మరక పోనేలేదు. మీరు ఇచ్చేటప్పుడు, రెండుసార్లు విడిగా ఉతికాకే వాడమని చెప్పండి. లేదా తెల్ల అంచువి చూసి ఇవ్వండి. నేనైతే నాలుగు మూలలా పసుపు పెట్టి ఇస్తాను, కొత్తబట్ట అలా ఇవ్వడమే మా ఇంటి ఆనవాయితీ.

చాలామందికి ముందు తట్టేది ట్రావెల్ అడాప్టర్. మాకూ రెండు వచ్చాయి, రెండూ బాలీలో పెట్టెలోంచి తీయలేదు. అక్కడి సాకెట్లలో మన రెండు పిన్నుల ఫోన్ చార్జర్ తిన్నగా దూరిపోతుంది. మాల్దీవులు, మారిషస్ అయితే అడాప్టర్ కావాలి, అక్కడ ఎక్కువగా పలక పిన్నులవే ఉంటాయి. జంట ఏ ఊరు వెళ్తున్నారో తెలియకుండా ఇది కొనడం దండగ. కాటాకి ఆ ఇబ్బంది లేదు, విమానం ఎక్కితే చాలు పనికొస్తుంది. రైల్లోనో కార్లోనో అరకు వెళ్లేవాళ్లకి మాత్రం కాటా ఎందుకు? వాళ్లకి తువ్వాళ్లే ఇవ్వండి.

నేను ఇప్పటికి ఐదు జంటలకి కాటా ఇచ్చాను, ఒక్కరి దగ్గరా అప్పటికే ఇంకోటి లేదు. అయినా కొనే ముందు పెళ్లికూతురి చెల్లెలికో వదినకో ఫోన్ చేసి అడుగుతాను. పెళ్లి స్టేజీ మీద మాత్రం ఇవ్వను, మిగతా ప్యాకెట్లలో కలిసిపోయి తిరిగొచ్చాక గానీ విప్పరు. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంటికెళ్లి, సెల్స్ వేసి, వాళ్ల పెట్టెనే ఒకసారి ఎత్తి చూపించి వస్తాను.