బట్టల కొట్టులో పలికే పెట్టె: మూడున్నరేళ్ల వాడకం తరువాత

చీరాలలో మా బట్టల కొట్టుకు నలభై ఏళ్లు దాటాయి. గల్లా పెట్టె పక్కకు క్యూఆర్ కోడ్ అట్ట, సొమ్ము పడగానే తెలుగులో పలికే సౌండ్ బాక్స్ 2022 సంక్రాంతికి ముందు వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు నుంచీ మా అబ్బాయి చెబుతున్నా నేను ఒప్పుకోలేదు. చేతికి తగలని డబ్బును సాయంత్రం ఎలా లెక్కపెట్టుకోవాలన్నది నా బెంగ. ప్రతి బేరం మీదా కమీషన్ కోసుకుంటారేమోనన్నది అనుమానం.

వాడు వాదించడం మానేసి, ఒక శనివారం గల్లా పక్కన కూర్చున్నాడు. ఫోనులో కడతామని అడిగి, కుదరదనగానే విప్పించిన గుడ్డ తాను అలాగే వదిలి వెళ్లిన ప్రతి ఒక్కరికీ పాత బిల్లు వెనుక ఒక గీత గీశాడు. రాత్రికి పదకొండు గీతలయ్యాయి. "ఏటీఎంకు వెళ్లి వస్తామన్నవాళ్లలో ఎందరు వచ్చారు నాన్నా?" అని మాత్రం అడిగాడు. ఇద్దరే వచ్చారు. సోమవారం ఇద్దరం బ్యాంకుకు వెళ్లి, ఇంటి ఖర్చుల ఖాతాతో కలవకుండా కొట్టు పేరిట కరెంటు ఖాతా తెరిచాం.

కమీషన్ భయం నిజం కాలేదు. ఖాతాదారు తన బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా కట్టే సొమ్ముపై వ్యాపారి నుంచి రుసుము తీసుకోరాదన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పెట్టె అద్దె మాత్రం నెలకు 125 రూపాయలు మా ఖాతాలోంచి పోతుంది. ఆ అద్దెకు తగిన పని అది చేస్తుందా అంటే, గుడ్డ కొలిచేవాడికి చేస్తుందనే చెబుతాను. ఒక చేత మీటరు కర్ర, మరో చేత కత్తెర ఉన్నప్పుడు కళ్లజోడు సర్దుకొని ఫోనులో అక్షరాలు చూడడం నా వల్ల కాదు. చెవికి వినిపిస్తే చాలు. ఒకసారి ఒక కుర్రవాడు ఆకుపచ్చ టిక్కు గుర్తున్న తెర చూపించి ప్యాంటు ముక్క అందుకోబోయాడు. పెట్టె పలకలేదు, నేను పొట్లం వదలలేదు. కాసేపు నిలబడి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు, రాలేదు.

అయితే పెట్టె మౌనం ప్రతిసారీ మోసం కాదు. దానికి సొంత సిమ్ ఉంటుంది కనుక, మొదట లోపలి అరల మధ్య పెట్టినప్పుడు సిగ్నల్ అందక సగం బేరాలకు నోరు మెదపలేదు. గుమ్మం వైపు బల్ల మీదకు మార్చాక ఆ ఇబ్బంది తీరింది.

దానిలో నాకు కనిపించిన అసలు లోపం మొదటి సంక్రాంతి రద్దీలోనే బయటపడింది. ఒకావిడ చీర, మరొకావిడ లంగా గుడ్డలు తీసుకున్నారు. ఇద్దరి బిల్లూ యాదృచ్ఛికంగా 1,640 రూపాయలే. ఇద్దరూ ఒకేసారి కట్టారు, పెట్టె మాత్రం ఒక్కసారే పలికింది. అది మొత్తం చెబుతుందే గాని కట్టినవారి పేరు చెప్పదు. అప్పుడు మా అబ్బాయి వ్యాపారి యాప్‌లో జాబితా తెరిచి, 1,640 ఒక్కటే ఉందని చూసి, దాని 12 అంకెల యూటీఆర్ సంఖ్యను ఇద్దరి ఫోన్లలోని సంఖ్యలతో సరిచూశాడు. చీర కొన్నావిడది సరిపోయింది. రెండో ఆవిడ ఖాతాలో సొమ్ము తగ్గింది గాని మాకు చేరలేదు. అలాంటి సొమ్ము ఐదు రోజుల్లోగా దానంతటదే కట్టినవారి ఖాతాకు తిరిగి వెళ్లాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టిందట. ఆవిడ వేటపాలెం మనిషి, పాత బేరం కనుక అరువు చిట్టాలో రాసుకొని గుడ్డలు ఇచ్చి పంపాను. సొమ్ము నాలుగో రోజున ఆమె ఖాతాకు తిరిగి చేరింది, ఆవిడ వచ్చి నగదు కట్టి పేరు కొట్టించుకుంది. కొత్త మనిషైతే గుడ్డలు పక్కన కట్టిపెట్టి ఉంచేవాడిని. డబ్బు పోయిందన్న కంగారులో ఉన్నవారి చేత మళ్లీ కట్టించడం మాత్రం నాకు ఇష్టం ఉండదు.

బేరమాడే తీరు కూడా మారింది, ఇది నేను ఊహించనిది. ఇదివరకు పర్సు తెరిచి "ఆరు వందలే ఉన్నాయి, ఇంతే తీసుకో" అంటే 640 బిల్లుకు 600తో సరిపెట్టుకోవలసి వచ్చేది. ఫోనుతో కట్టేవారికి ఆ మాట చెల్లదు. వారు ముందే గట్టిగా బేరమాడుతున్నారు, నేనూ ముందే ఆఖరు ధర చెబుతున్నాను. బోణీ బేరం మాత్రం నగదుగానే అడుగుతాను. నోటు లేదంటే, పది రూపాయలైనా చేతికిచ్చి మిగతాది ఫోనులో కట్టమంటాను. అబ్బాయి నవ్వుతాడు గాని అడ్డు చెప్పడు.

రాత్రి లెక్క ఇప్పుడు రెండు వరుసలు: గల్లాలోని నగదు ఒకటి, యాప్‌లోని రోజు మొత్తం మరొకటి. రెండూ కలిపి బిల్లు పుస్తకంతో సరిపోవాలి. మా ఖాతాకు సొమ్ము మర్నాడు ఉదయం ఒకే మొత్తంగా జమ అవుతుంది కనుక, అదే రాత్రి టోకు వ్యాపారికి కట్టవలసిన రోజున ఇప్పటికీ గల్లా వైపే చూడవలసి వస్తోంది.