చుట్టే ఆమ్లెట్టా, పొంగే ఆమ్లెట్టా: మూడు గుడ్లతో ఏది మేలు?

మన ఇళ్లలో ఆమ్లెట్ అంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, కాగిన పెనం మీద పోసి, అంచులు ఎర్రబడే దాకా రెండు వైపులా కాల్చేది. దాని రుచి దానిదే. ఇక్కడ చెప్పుకునేది ఫ్రెంచి వంటలోంచి వచ్చిన రెండు వేరే ఆమ్లెట్ల సంగతి. ఒకటి పైన ఒక్క ఎర్ర మచ్చ కూడా లేకుండా లేత పసుపు రంగులో, లోపల జున్నులా మెత్తగా ఉండే చుట్టిన ఆమ్లెట్. రెండోది తెల్లసొనను విడిగా నురగ తీసి, పొంగాక సగానికి మడిచేది. ఫ్రాన్స్‌లో మాం సాన్ మిషెల్ దీవి మీద 1888లో ఆనెట్ పులార్ అనే ఆవిడ తెరిచిన సత్రంలో ఈ పొంగే రకానికి పెద్ద పేరు వచ్చింది. అక్కడ ఇప్పటికీ గుడ్లను రాగి గిన్నెల్లో చాలాసేపు గిలకొట్టి, పొడవాటి కాడ ఉన్న పాన్‌లో కట్టెల మంట మీద వండుతారు.

రెండింటికీ కావలసినవి దాదాపు ఒకటే: మూడు గుడ్లు, ఒక టేబుల్‌స్పూన్ వెన్న, పావు టీస్పూన్‌కి కాస్త తక్కువ ఉప్పు. తేడా అంతా పాన్ మీద ఉంది. మొదటి దాంట్లో చెయ్యి ఆగకూడదు, రెండో దాంట్లో చెయ్యి పెట్టకూడదు. ఎందుకో తెలిస్తే మిగతాదంతా తేలిక.

గిలకొట్టిన గుడ్డు సుమారు 70 డిగ్రీలు దాటాక గట్టిపడుతుంది. వేడి ఇంకా పెరిగితే లోపలి మాంసకృత్తులు బిగుసుకుపోయి, తాము పట్టుకున్న నీటిని బయటకు పిండేస్తాయి. ప్లేటులో ఆమ్లెట్ చుట్టూ నీళ్లు ఊరడం, తింటే రబ్బరులా సాగడం ఇందువల్లే. కాగిన పాన్ అడుగు 150 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, దాన్ని తాకిన సొన కదలకుండా ఉంటే క్షణాల్లో ముదురుతుంది. చుట్టే ఆమ్లెట్‌లో తాకిన సొనను తాకినట్టే పైకి తీసి, పచ్చి సొనను కిందికి పంపుతూ ఉంటాం. అలా ఏ ముక్కా అడుగున ఎక్కువసేపు ఉండదు. పొంగే ఆమ్లెట్‌లో కలిపితే నురగ చచ్చిపోతుంది, కలపడానికి లేదు. అందుకని మంటనే తగ్గించి, మూత పెట్టి ఆగాలి.

ముందు చుట్టేది చూద్దాం. దీనికి పాన్ ముఖ్యం. పైన 20 సెంటీమీటర్ల వెడల్పు, వాలుగా ఉన్న అంచులు, గీతలు పడని నాన్‌స్టిక్ పూత ఉండాలి. దోసెల పెనం పనికిరాదు. దానికి అంచు ఉండదు, పైగా మందపాటి ఇనుము కావడంతో మంట తగ్గించినా వేడి తగ్గడానికి చాలాసేపు పడుతుంది. ఇక్కడ వేడి మన మాట వెంటనే వినాలి. 26 సెంటీమీటర్ల పాన్‌లో మూడు గుడ్లు పోస్తే పలచగా పరుచుకుని, కలిపేలోపే అట్టు కడతాయి.

గుడ్లలో ఉప్పు వేసి, ఫోర్క్‌తో తెల్లసొన తీగలు కనబడనంత వరకు కలపాలి. నురగ రాకూడదు. నురగ వస్తే ఆమ్లెట్ పైన బుడగల గుంటలు పడతాయి. కలిపాక ఒక పావుగంట పక్కన పెడితే ఇంకా మంచిది. ఉప్పు మాంసకృత్తులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోకుండా చేస్తుంది, కాబట్టి వండాక నీళ్లు తక్కువ వదులుతుంది. ఆ పావుగంటలో సొన రంగు కాస్త ముదిరి, పారదర్శకంగా మారడం మీరే గమనించవచ్చు. ఉప్పు కలిసిన వెన్న వాడుతుంటే గుడ్లలో ఉప్పు సగం చెయ్యండి.

పాన్‌ను మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద పెట్టి వెన్న వెయ్యాలి. వెన్న చిటపటమంటూ నురగెత్తుతుంది. అది అందులోని నీరు ఆవిరయ్యే చప్పుడు. ఆ చప్పుడు సన్నగిల్లి, నురగ అణగడం మొదలై, రంగు ఇంకా మారకముందే సొనంతా ఒకేసారి పోసెయ్యాలి. వెన్న ఎర్రబడిందంటే పాన్ అప్పటికే ఎక్కువ కాగినట్టు. దాన్ని తుడిచేసి కొత్త వెన్నతో మళ్లీ మొదలెట్టడమే దారి.

పొయ్యగానే ఎడమ చేత్తో పాన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, కుడి చేత్తో సిలికాన్ గరిటె అడుగున ఆగకుండా తిప్పాలి. ఇనుప ఫోర్క్ నాన్‌స్టిక్ పూతను గీస్తుంది, వద్దు. రెండు చెక్క చాప్‌స్టిక్స్ పట్టుకున్నా బాగా కుదురుతుంది. అంచుల మీదికి ఎక్కిన సొనను కూడా మధ్యలోకి లాగుతూ ఉండాలి. పది సెకన్లలో చిన్న చిన్న పలుకులు కనబడతాయి. 30 సెకన్లకు అటూ ఇటూగా మొత్తం సగ్గుబియ్యం పాయసంలా అవుతుంది: మెత్తని పలుకులు, వాటి మధ్య ఇంకా జారే సొన. ఆపాల్సింది సరిగ్గా ఇక్కడే. చాలామంది ఇంకో పది సెకన్లు కలుపుతారు. అప్పుడది పొరటు అయిపోతుంది, ఇక చుట్టుకోదు. పలుకులు పెద్దవిగా వస్తున్నాయంటే చెయ్యి నెమ్మదిగా తిరుగుతోందని అర్థం.

కలపడం ఆపి, పైభాగాన్ని గరిటెతో సమంగా పరిచి, మంట సిమ్‌లో పెట్టి పది పదిహేను సెకన్లు కదపకుండా ఉంచాలి. అడుగున పలచని పొర కడుతుంది. చుట్టూ పట్టి ఉంచేది ఈ పొరే. ఇప్పుడు పాన్ పిడిని పైకెత్తి ఏటవాలుగా పట్టుకోండి. పిడి వైపు అంచును గరిటెతో లేపి, మధ్యలోకి మడిచి, ఇంకోసారి దొర్లిస్తే చుట్ట అవతలి అంచుకు చేరుతుంది. పిడి మీద, పాన్‌కు దగ్గరగా, పిడికిలితో రెండు మూడు సార్లు తట్టితే అవతలి అంచు లేచి లోపలికి మడుచుకుంటుంది. ప్లేటును దగ్గరగా తెచ్చి, అతుకు కిందికి వచ్చేలా బోర్లించాలి. పొయ్యడం నుంచి బోర్లించడం దాకా ఒకటిన్నర నిమిషం మించదు. లోపలి వేడికి ప్లేటులో కూడా ఇంకాస్త ఉడుకుతుంది. అందుకే ‘ఇంకా కొంచెం పచ్చిగా ఉందే’ అనిపించినప్పుడే దింపాలి.

చుట్టేటప్పుడు పగిలితే పొర ఎక్కువ గట్టిపడిందని. చిరిగి సొన కారితే పొర కట్టనివ్వలేదని. పైన గోధుమ మచ్చలు వస్తే చివర్లో సిమ్ చెయ్యడం ఆలస్యమైందని.

ఇక పొంగే ఆమ్లెట్. ఇందులో సగం పని స్టవ్ వెలిగించకముందే అయిపోతుంది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీయగానే సొనలు వేరు చెయ్యండి, చల్లగా ఉన్నప్పుడు పచ్చసొన చితకదు. ఆ తర్వాత తెల్లసొనను ఇరవై నిమిషాలు బయట ఉంచితే నురగ బాగా వస్తుంది. గిన్నె స్టీలుదో గాజుదో కావాలి, పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ గిన్నెను ఎంత తోమినా జిడ్డు పూర్తిగా పోదు, ఆ జిడ్డు నురగను లేవనివ్వదు. ఒక్క చుక్క పచ్చసొన పడినా ఇదే ఇబ్బంది. మూడు తెల్లసొనలకు పావు టీస్పూన్ నిమ్మరసం వేస్తే నురగ నిలుస్తుంది. రాగి గిన్నె చేసే మేలు కూడా ఇదే: సన్నగా కలిసే రాగి, తెల్లసొనలోని ఒక మాంసకృత్తిని పట్టుకుని నురగ తొందరగా విరగకుండా కాపాడుతుంది.

విస్కర్‌తో గిలకొట్టి పైకి లేపితే నురగ కొన లేచి, చివర మెల్లగా వంగాలి. కొన నిటారుగా నిలిచి, పొడిబారి, దూది పింజల్లా విడిపోతుంటే మితిమీరినట్టే. కాసేపటికి గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. అది మళ్లీ బాగుపడదు. పచ్చసొనలో ఉప్పు కలిపి, నురగలో మూడో వంతు వేసి కాస్త గట్టిగానే కలపండి, అది పచ్చసొనను పలచబరుస్తుంది. మిగతాది వేసి గరిటెను అడుగు నుంచి పైకి తిప్పుతూ పది పన్నెండు సార్లకు మించకుండా కలపాలి. అక్కడక్కడా తెల్లటి చారలు మిగిలితే మిగలనివ్వండి.

పాన్ మీద ఇప్పుడు అంతా తిరగబడుతుంది. నురగ అంటే గాలి బుడగలే. గాలి వేడిని తొందరగా పైకి పోనివ్వదు. మంట పెద్దదైతే అడుగు మాడిపోతుంది, పైన మాత్రం పచ్చి నురగే ఉంటుంది. కాబట్టి మంట సిమ్‌కు కాస్త పైన ఉంటే చాలు. చుట్టే ఆమ్లెట్‌కు పనికిరాని మందపాటి అడుగు ఇక్కడ వరం, వేడిని నిదానంగా, సమంగా ఇస్తుంది. వెన్న కరిగి నురగెత్తగానే మిశ్రమాన్ని పోసి, పైన ఒక్కసారి సవరించి, మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు వదిలెయ్యాలి. మూత ఎందుకంటే, కింది నుంచి అందని వేడిని ఆవిరి పైనుంచి ఇస్తుంది. రెండు నిమిషాల లోపు మూత తీస్తే ఆ ఆవిరి పోతుంది.

అడుగు బంగారు రంగుకు వచ్చి, పైన వేలితో తాకితే తడి అంటకుండా కాస్త జిగురుగా అనిపిస్తే అయినట్టు. ఇది మందంగా ఉంటుంది కాబట్టి ఊరికే మడిస్తే నడుం దగ్గర విరుగుతుంది. అట్లకాడ అంచుతో మధ్యలో పైపైన ఒక గీత పెట్టి, ఆ గీత మీద మడవాలి. వెంటనే వడ్డించాలి. బుడగల్లోని వేడిగాలి చల్లారేకొద్దీ కుంచించుకుపోతుంది, అయిదు నిమిషాల్లో ఎత్తు సగానికి పడిపోవచ్చు.

మనవాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న ఉల్లిపాయ ఎప్పుడు వెయ్యాలని. పచ్చి ఉల్లిపాయ రెండింటికీ పనికిరాదు. ఒకటిన్నర నిమిషంలో అది ఉడకదు, నీరు మాత్రం వదులుతుంది. నురగలో వేస్తే బరువుకు అడుగుకు దిగుతుంది. విడిగా మగ్గించి, చుట్టే ముందు మధ్యలో రెండు టీస్పూన్లు పెట్టవచ్చు. పొంగేదైతే మడిచే ముందు ఒక సగం మీద పరవవచ్చు. సన్నగా తరిగిన కొత్తిమీర మాత్రం చుట్టే ఆమ్లెట్ సొనలోనే కలిపెయ్యవచ్చు.

మరి ఏది మేలు? గుడ్డు, వెన్నల రుచి కోసమైతే నా ఓటు చుట్టేదానికే. పొంగేదాంట్లో నోట్లో సగం గాలే, రుచి పలచబడుతుంది. తురిమిన చీజ్‌తోనో, ఉప్పు తగ్గించి పంచదార చల్లి తీపిగానో తింటే మాత్రం దాని తేలికదనం ముందు చుట్టేది నిలవదు. పని చూస్తే చుట్టేది ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెయ్యాలి, ఆరు గుడ్లు ఒకే పాన్‌లో కలిపితే చుట్ట తిరగదు. పొంగేది మూడు గుడ్లకే పాన్ నిండుతుంది, ఇద్దరు పంచుకోవచ్చు. కానీ గిన్నెలు ఎక్కువవుతాయి, తెల్లసొనను బయట ఉంచే సమయం కాక పది నిమిషాల పైనే పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రుచి కన్నా జాగ్రత్త ముందు. చుట్టే ఆమ్లెట్ లోపల జారుగా ఉంటే, సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా చావడానికి చాలినంత వేడి అక్కడికి చేరిందని చెప్పలేం. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవయసు వాళ్లకు పొంగేదాన్నే పైన తడి పూర్తిగా ఆరే దాకా మూత పెట్టి వండి ఇవ్వండి. వాళ్లకు చుట్టేదే కావాలంటే, పలుకుల మధ్య జారే సొన కనబడనంత వరకు కలిపి, చుట్టకుండా సగానికి మడిచి పెట్టండి. అంత గట్టిపడ్డాక అది చుట్టుకోదు కూడా.