పాత ఫోటో ఎక్కడిదో తేల్చడానికి గూగుల్ ఎర్త్ ప్రో: కొన్నేళ్ళు వాడాక

నేను చెప్పేది ఫోన్ యాప్ గురించి కాదు, కంప్యూటర్‌లో వేసుకునే ప్రో గురించి. 2015 నుంచి అది ఉచితమే. ఫోటోలో వెనక గుట్టలుంటే ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. స్టూడియో పరదా ముందో, ఇంటి గోడ ముందో దిగిన ఫోటో అయితే దీంతో పనిలేదు. నల్లగొండ, పాలమూరు వైపు గుట్టలకు కరువు లేదు కాబట్టి మనకు కలిసొచ్చే సాధనమే.

నా దగ్గర ఎక్కువ పని పెట్టిన ఫోటో మా తాతది. ఇద్దరు స్నేహితులతో బట్టల దుకాణం ముందు నిలబడ్డాడు. బోర్డు మీద పైన ఉర్దూ, కింద తెలుగు. ఊరి పేరులో మొదటి సగాన్ని పందిరి గుంజ మింగేసింది, చివరి రెండక్షరాలే మిగిలాయి. 1200 డీపీఐలో స్కాన్ చేసి పెద్దది చేస్తే మొదటిది ‘గొ’ కాదు, ‘కొ’. అక్షరం అడుగు గుండ్రంగా మూసుకుని ఉంది. దాంతో నల్లగొండ పక్కకు పోయింది. తాత పనిచేసిన ఊళ్ళలో ‘కొండ’తో ముగిసేవి రెండే: దేవరకొండ, కోయిలకొండ. రెండు చోట్లా కోటలున్నాయి, రెండూ గుట్టల మీదే. నానమ్మ కోయిలకొండ అంటుంది, బాబాయి దేవరకొండ అంటాడు.

దుకాణం కట్టడం ఏమీ తేల్చలేదు. మంగళూరు పెంకులు, పలకల తలుపులు ఆ రోజుల్లో ఏ బజారులోనైనా ఉండేవే. గుట్టలు గుండ్రటి గ్రానైట్ బండలు కావడం కూడా రెండు ఊళ్ళకూ సరిపోతుంది. (అదే గుట్ట పైభాగం బల్లలా చదునుగా ఉంటే నాగార్జునసాగర్ వైపు వెతకాలి. అక్కడ గ్రానైట్ మీద గట్టి రాయి పొరలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి.)

ఇక సాఫ్ట్‌వేర్ పని. ముందు `Tools > Options > 3D View`లో `Elevation Exaggeration` 1 మీద ఉందో లేదో చూసుకోవాలి. అది 2 మీద ఉంటే ప్రతి గుట్టా రెట్టింపు ఎత్తులో కనబడి, ఏ ఫోటోతోనూ కలవదు. తర్వాత ఊరి నడిమధ్యకు వెళ్ళి, నేలమట్టానికి దిగి, చుట్టూ తిరిగి చూడాలి. ఫోటోలో ఎడమ పక్క ఒక పెద్ద గుట్ట, దాని భుజం దగ్గర చిన్న పల్లం, కుడికి విడిగా ఇంకో గుట్ట ఉన్నాయి. కోయిలకొండలో ఎక్కడ నిలబెట్టి చూసినా ఆ వరస రాలేదు. దేవరకొండలో ఒక వైపుకు తిరగగానే వచ్చింది.

ఊరు తేలింది, మరి దుకాణం ఎక్కడ? దానికి నేను వాడే పద్ధతి ఇది. ఫోటోలో ముందున్న గుట్ట అంచు, వెనక గుట్ట మీది పల్లం సరిగ్గా ఒకే నిలువు గీత మీద పడ్డాయి. అంటే ఆ రెంటినీ కలిపే గీతను మన వైపు పొడిగిస్తే కెమెరా ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి. పక్కకు నాలుగడుగులు వేస్తే దగ్గరి అంచు ఒక వైపుకు జరిగి పల్లం తప్పిపోతుంది. `Ruler`తో మ్యాప్ మీద ఆ గీత గీశాను. కుడి పక్క ఇంకో అంచుకూ, దూరంగా కనిపించే శిఖరానికీ అలాగే రెండోది గీశాను. రెండూ కలిసిన చోట పాత బజారు వీధి ఉంది. ఈ లెక్కకు లెన్సు ఏదో, ఫోటోను ఎంత కత్తిరించారో తెలియక్కర్లేదు, అందుకే ఎత్తులు కొలిచి పోల్చడం కంటే దీన్నే నమ్ముతాను.

చిక్కులూ ఉన్నాయి. ఇందులో గుట్టలు నున్నగా కనిపిస్తాయి. గుండు మీద గుండు నిలబడ్డ మన బండలు, కోట బురుజులు సరిగా రావు. కాబట్టి ఫోటోలో కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించే గుండును పట్టుకుని వెతికితే టెన్షనే మిగులుతుంది. పెద్ద వంపులు, పల్లాలే చూడాలి. క్వారీ తినేసిన గుట్టలైతే ఇంకా కష్టం. పాత ఉపగ్రహ చిత్రాలు చూపించే గడియారం గుర్తు నొక్కితే తవ్వకానికి ముందు నేల ఎలా ఉండేదో పైనుంచి కనిపిస్తుంది. కానీ గుట్ట ఎత్తు మాత్రం ఏ ఏడాదికి వెళ్ళినా మారదు, ఆ కొలత ఒక్కటే.

బోర్డు లేని ఫోటో అయితే, వెతుకులాట మొదలుపెట్టే ముందు అది తిరగేసి ముద్రించింది కాదని చూసుకోండి. ఆడవాళ్ళ పైట ఎడమ భుజం మీద ఉందా, మగవాళ్ళ చొక్కా గుండీలు వాళ్ళ కుడి పక్కన ఉన్నాయా అన్నది చాలు. తిరగబడ్డ గుట్టల వరస లోకంలో ఎక్కడా దొరకదు.

రెండు గీతలు ఎంత అడ్డంగా కోసుకుంటే చోటు అంత కచ్చితం. మా ఫోటోలో ఆ కోణం కాస్త ఇరుకే, అందుకని వీధి తేలింది గానీ దుకాణం తేలలేదు. ఆ వీధిలో మూడు నాలుగు పాత మడిగెల్లో ఏదైనా కావచ్చు. నానమ్మ ఇప్పటికీ కోయిలకొండే అంటుంది.