కొండెక్కని కారు: కంపెనీ కన్వర్టరా, చవక కన్వర్టరా, ఖాళీ డబ్బానా?

మా మేనమామ కారు 2017 చివర్లో కొన్నది. చిన్న పెట్రోలు బండి, BS4 కాలుష్య ప్రమాణాలది. అలిపిరి టోల్‌గేట్ దాటేదాకా బాగానే పోతుంది, ఎక్కే ఘాట్‌రోడ్డులో మలుపులు మొదలయ్యేసరికి ఊపిరాడనట్టు అయిపోతుంది. రెండో గేరులో కూడా లాగదు, వెనకాల బస్సు హారను మోత. పైగా తిరుమల చేరి బండి ఆపాక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. "ఏమప్పా, ఏం రోగం దీనికి?" అని నాకు ఫోన్ చేశాడు. నేను చిత్తూరులో పాలిటెక్నిక్ పిల్లలకు ఆటోమొబైల్ పాఠాలు చెప్తాను కాబట్టి, ఇంట్లో ఎవరి బండికి జ్వరమొచ్చినా ఫోన్ నాకే.

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకి తీసుకుపోయాం. స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి P0303, అంటే మూడో సిలిండర్‌లో మిస్ఫైరింగ్, అందులో పెట్రోలు సరిగా అంటుకోవడం లేదు. రెండోది P0420, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ పనితనం తగ్గింది. మెకానిక్ రెండో కోడ్‌నే చూపించి, "సార్, కన్వర్టర్ పోయిండాది. కంపెనీది వేస్తే చానా అవుతుంది. బయటి సరుకు మూడోవంతుకే వస్తుంది. అదీ వద్దంటే డబ్బా కోసి లోపల జల్లెడ తీసేసి మళ్ళీ వెల్డింగ్ చేసేస్తా, బండి గుర్రంలా పోతుంది" అన్నాడు. మామ కళ్ళు మూడో మాట దగ్గరే ఆగిపోయాయి.

ఏది మేలో చెప్పాలంటే ముందు ఆ జల్లెడ ఏం చేస్తుందో చూడాలి. అది నిజానికి పింగాణీ తేనెపట్టు. చదరపు అంగుళానికి 400 దాకా సన్నని గొట్టాలు, వాటి గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో కొద్ది గ్రాముల ప్లాటినం, పల్లాడియం, రోడియం. ఇంజన్ నుంచి వచ్చే పొగలో అది పట్టుకోవాల్సినవి మూడు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్, పెట్రోలు సగం కాలి మిగిలిన విషవాయువు. రెండోది హైడ్రోకార్బన్లు, అంటే అసలు కాలకుండా బయటపడే పెట్రోలు ఆవిరి. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇవి పెట్రోలు నుంచి రావు. సిలిండర్‌లో వేడి విపరీతంగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి పుడతాయి.

మొదటి రెండింటికి వైద్యం ఒకటే, ఆక్సిజన్ ఇచ్చి పూర్తిగా కాల్చడం. ప్లాటినం, పల్లాడియం ఆ పని చేసి వాటిని కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తాయి. మూడోదానికి వైద్యం సరిగ్గా తిరగబడి ఉంటుంది, దాన్నుంచి ఆక్సిజన్ లాగేసి మామూలు నైట్రోజన్‌గా వదలాలి. అది ముఖ్యంగా రోడియం పని. ఒకే డబ్బాలో ఒకరికి ఆక్సిజన్ పెట్టాలి, ఇంకొకరి దగ్గర లాక్కోవాలి. అందుకే ఇంజన్ కంప్యూటర్ ఒక భాగం పెట్రోలుకి సుమారు 14.7 భాగాల గాలి అన్న లెక్క చుట్టూ మిశ్రమాన్ని ఎప్పుడూ అటూ ఇటూ ఊపుతుంటుంది. కాసేపు గాలి ఎక్కువ, కాసేపు పెట్రోలు ఎక్కువ. ఈ ఊపును తట్టుకోవడానికి పూతలో సీరియా అనే పదార్థం కలుపుతారు. దాన్ని గాదె అనుకోండి. గాలి మిగిలినప్పుడు ఆక్సిజన్‌ని లోపల వేసుకుంటుంది, కరువైనప్పుడు తీసి పెడుతుంది.

P0420 అసలు అర్థం ఈ గాదెలోనే ఉంది. కన్వర్టర్‌కి ముందొక ఆక్సిజన్ సెన్సార్, వెనకొకటి ఉంటాయి. ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూనే ఉండాలి. గాదె బాగుంటే వెనకది 0.6, 0.7 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే గంతులేస్తే ఆక్సిజన్‌ని దాచే శక్తి పోయిందని కంప్యూటర్ తేలుస్తుంది. కంప్యూటర్ నేరుగా ఏ విషవాయువునూ కొలవదు. వెనక సెన్సార్ ముసలిదైనా, దాని ముందు పైపులో చిల్లు పడినా ఇదే కోడ్ రావచ్చు. కోడ్ చూసి వెంటనే డబ్బా మార్చేస్తే డబ్బు గంగలో పోసినట్టే.

మా మామ బండిలో మాత్రం అనుమానానికి చోటు లేకపోయింది. ముందు సెన్సార్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించమన్నాను. ఐడ్లింగ్‌లో 1.25 పీఎస్ఐ దాటకూడదు, 2500 ఆర్‌పీఎం దగ్గర 3 లోపే ఉండాలి. గేజ్ 2500 దగ్గర 5 చూపించింది. అంటే పొగకి దారి మూసుకుపోయింది. సెన్సార్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూస్తే తేనెపట్టు మధ్యలో కరిగి, చల్లారిన బెల్లం పాకంలా ముద్దయి ఉంది.

ఇదెలా జరిగిందో మొదటి కోడే చెబుతోంది. మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ నీరసించి ఎన్నో వారాలుగా మిస్ఫైర్ అవుతోంది. ఇంజన్ లైటు మిణుకు మిణుకుమన్నా, "లైటు కదా, అదే పోతుందిలే" అని మామ పట్టించుకోలేదు. మిస్ఫైర్ అయిన సిలిండర్ పెట్రోలునూ గాలినీ రెండింటినీ కాలకుండా బయటికి తోస్తుంది. అవి వెళ్ళి కన్వర్టర్‌లో కాలతాయి. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల దగ్గర ఉండాల్సిన డబ్బా లోపల ఆ మంటకి పింగాణీ కరిగే వేడి వచ్చేస్తుంది, అది సుమారు 1400 డిగ్రీల పైమాట. కోడిగుడ్డు వాసన కూడా ఈ ఎక్కువ పెట్రోలు వల్లే, దానిలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటపడింది. అందుకే మూడు దారుల్లో ఏది పట్టినా ముందు కాయిల్, స్పార్క్ ప్లగ్‌లు మార్చాల్సిందే. అది మార్చకుండా కొత్త డబ్బా వేస్తే దానికీ అదే గతి. డబ్బాలో పోసి కడిగే మందులు కూడా ఉన్నాయి గానీ, మసి పట్టినదానికేమో తెలీదు, కరిగిన పింగాణీని ఏ మందూ మళ్ళీ గొట్టాలుగా చెయ్యదు.

ఇక ఖాళీ డబ్బా సంగతి. మెకానిక్ చెప్పింది సగం నిజం. మూసుకుపోయిన డబ్బాతో పోలిస్తే ఖాళీ డబ్బాతో బండి నిజంగానే గుర్రంలా పోతుంది. కానీ పోల్చాల్సింది బాగున్న డబ్బాతో. బాగున్న తేనెపట్టు చిన్న ఇంజన్‌కి అడ్డుపడేది చాలా తక్కువ, తేడా కాలికి తెలీదు. పోగొట్టుకునేది మాత్రం తెలుస్తుంది. సరిగ్గా ట్యూన్ అయిన ఇంజన్ నుంచి కూడా కన్వర్టర్‌కి ముందు కార్బన్ మోనాక్సైడ్ అర శాతం చుట్టుపక్కలో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. BS4 పెట్రోలు కారుకి పొల్యూషన్ పరీక్షలో ఐడ్లింగ్ పరిమితి 0.3 శాతం. నిజాయితీగా పరీక్ష చేస్తే దాటడం కష్టం. వెనక సెన్సార్‌ని మాయ చెయ్యడానికి దాన్ని పొగకి దూరం జరిపే స్పేసర్ పెట్టి లైటు రాకుండా చేస్తారు, ఆ తర్వాత నిజంగా ఏదైనా చెడినా లైటు రాదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద కాలుష్య నియమాలు మీరితే మొదటిసారికే పదివేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్‌కి అనర్హత అని రాసి ఉంది. మామ ఇంటి పోర్టికో మూడు వైపులా మూసి ఉంటుంది, పొద్దున్నే పావుగంట ఇంజన్ నడిపి వేడి చేసే అలవాటు ఆయనది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదని చెప్పాక ఆ దారి ఆయనే వదిలేశాడు.

మిగిలిన రెండింటి మధ్య తూకం అంత తేలిక కాదు. బయటి సరుకు అంటే మోసం అనను. అందులోనూ తేనెపట్టు ఉంటుంది, లోహాలూ ఉంటాయి. తేడా ఎంత పూశారు అన్నదాంట్లో. ధర తగ్గించాలంటే కోత పెట్టే చోట్లు లోహాలే, అందులోనూ అన్నిటికంటే ఖరీదైన రోడియం. కొన్నిట్లో గొట్టాలు కూడా తక్కువ, సీరియా తక్కువ. అలాంటిది వేశాక మొదట్లో లైటు ఆరుతుంది, పొల్యూషన్ పరీక్షలోనూ పాసవుతుంది. గాదె చిన్నది కాబట్టి కొన్ని నెలలకి P0420 మళ్ళీ పలకరించవచ్చు.

ఇక్కడే పరీక్ష సర్టిఫికెట్ మనల్ని మభ్యపెడుతుంది. పొల్యూషన్ సెంటర్‌లో పెట్రోలు కారుకి కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. అదీ బండి నిలబడి, బరువు లేకుండా ఉన్నప్పుడు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. అవి ఎక్కువగా పుట్టేది ఇంజన్ మీద భారం పడి సిలిండర్ మండిపోయేటప్పుడు, అంటే నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో అలిపిరి నుంచి పైకి ఎక్కేటప్పుడు. రోడియం తగ్గించిన డబ్బా సెంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని కొండ మీద ఫెయిలవుతుంది, ఆ ఫెయిలు కాగితం మీద ఎక్కడా రాదు. మా ఎండల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు పెట్రోలు ఆవిరితో కలిసి నేలబారు ఓజోన్ తయారుచేస్తాయి. కళ్ళ మంట, దగ్గు దాని వల్ల కూడా వస్తాయి.

కంపెనీ డబ్బాకీ చెయ్యలేనివి ఉన్నాయి. పట్టుకోవడం మొదలుపెట్టాలంటే 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల పొగ దాదాపు అలాగే బయటికి పోతుంది. కూరగాయల కోసం వీధి చివరికి కారేసుకుపోయే అలవాటుంటే ఎంత ఖరీదైన డబ్బా ఉన్నా దానికి పని చేసే అవకాశమే రాదు. కార్బన్ డయాక్సైడ్ కూడా దీంతో తగ్గదు, నిజానికి ఇది తయారు చేసేదే అది.

నా లెక్క ఇలా సాగింది. మామ ఈ బండి ఇంకా అయిదారేళ్ళు ఉంచుకుంటాడు, నెలకొకసారైనా కొండెక్కుతాడు. అలాంటి వాడికి కంపెనీదే. ఏడాదిలో అమ్మేసే బండి, ఊళ్ళోనే తిరిగేది అయితే బయటి సరుకుకి నేను అడ్డుచెప్పేవాణ్ణి కాదు. కాకపోతే చదరపు అంగుళానికి ఎన్ని గొట్టాలు, ఏయే లోహాలు, ఎన్ని నెలల వారంటీ అని రాతలో ఇచ్చేదే కొనమనేవాణ్ణి. ఇవ్వనిది డబ్బా కాదు, రేకు.

కాయిల్, నాలుగు ప్లగ్‌లు ముందు మార్పించాం. మిస్ఫైర్ లెక్క స్కానర్‌లో సున్నాకి వచ్చాకే డబ్బా బిగించమన్నాను. మెకానిక్ ఉదారంగా, "సార్, పాతది మాకు వదిలేయండి, కూలి తీసుకోను" అన్నాడు. ఆ ముద్దయిన పింగాణీలో ప్లాటినం, పల్లాడియం, రోడియం చాలావరకు అలాగే ఉంటాయి, తుక్కు కొనేవాళ్ళు వాటి కోసమే తిరుగుతుంటారు. కూలి ఇచ్చి పాతది తెచ్చుకున్నాం.

తర్వాతి శనివారం లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేనూ కొండెక్కాను. ముందు సెన్సార్ గీత తెరమీద ఊగుతోంది, వెనకది 0.65 దగ్గర పడుకుని ఉంది. అదే మలుపుల్లో బండి మూడో గేరులో ఎక్కింది. మామ అద్దంలోకి చూసి, "ఈసారి హారను కొట్టేది మనమేరా" అన్నాడు.