జాతి పచ్చ ఉంగరం: ఏళ్ల తరబడి వాడాక

జాతకంలో బుధుడు బలహీనంగా ఉన్నాడని మా అమ్మ పట్టుబట్టి చేయించిన ఉంగరం ఇది. సుమారు మూడు క్యారెట్ల జాంబియా పచ్చ, బంగారంలో, రాయి చర్మానికి తగిలేలా అడుగు తెరిచి కట్టించాం. ఏళ్లుగా చిటికెన వేలికే ఉంది.

ముందు రంగు గురించి. పచ్చకు ఆ రంగు ఇచ్చేది క్రోమియం, వనేడియం. జాంబియా రాళ్లలో ఇనుము కూడా ఉంటుంది కాబట్టి కాస్త నీలి ఛాయ కనిపిస్తుంది. నా రాయిలోనూ ఉంది, ఎండలో చూస్తే ఇప్పటికీ అంతే అందంగా ఉంది. ఆ రంగులో మార్పేమీ రాలేదు.

మారింది వేరే. కొన్నాళ్లకు రాయి ఒక మూల తెల్లటి గీతలు తేలి, మసకబారినట్టు అయింది. జ్యోతిష్యుడు గారు చూసి, "మీ దోషం రాయి లాగేసుకుందండీ, ఇక పని చేయదు, మార్చేయండి" అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మార్చే ముందు రాళ్లు సానపట్టే ఒకాయనకు చూపించాను. ఆయన భూతద్దం నా చేతికిచ్చి ఆ గీతలు చూపించారు.

పచ్చల్లో సన్నని పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. అవి కనపడకుండా, అమ్మే ముందే చాలా రాళ్లలోకి దేవదారు నూనెలాంటిది ఎక్కిస్తారు. పగులులో గాలి ఉంటే వెలుతురు అక్కడ తిరిగి వచ్చి తెల్లగా మెరుస్తుంది. నూనె ఉంటే వెలుతురు దాదాపు రాయిలో వెళ్లినట్టే వెళ్తుంది, పగులు కంటికి ఆనదు. వేడినీళ్లు, శానిటైజర్, షాపుల్లో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్, వీటన్నిటికీ ఆ నూనె పోతుంది. నా చేతికి రోజూ శానిటైజర్ తగిలేది. రాయి విప్పి మళ్లీ నూనె పట్టించాక గీతలు చాలావరకు మాయమయ్యాయి. అదే రాయి, అదే దోషం!

అందుకే కొనేటప్పుడు ల్యాబ్ సర్టిఫికెట్‌లో నూనె ఎంత ఉందో రాసిన చోటు చదవండి. తక్కువ ఉంటే ధర ఎక్కువ, అది న్యాయమే. నూనెకు బదులు రెజిన్ అనే జిగురులాంటిది నింపినవి కొన్నేళ్లకు పసుపెక్కవచ్చు. "ఒక్క మచ్చ కూడా లేదు" అంటూ చవగ్గా ఇస్తుంటే గాజో, ల్యాబ్‌లో పెంచిందో అని అనుమానించాలి. గాజయితే భూతద్దంలో గుండ్రటి గాలిబుడగలు కనిపించవచ్చు. ఒంటి బరువును బట్టి ఇన్ని క్యారెట్లు ఉండాలనే లెక్క పట్టుకుంటే, అదే డబ్బుకు పెద్ద మసక రాయి వస్తుంది. నేనైతే చిన్నదైనా మంచి రంగే తీసుకోమంటాను.

ఫలితం మాటకొస్తే, ఉంగరం వేసుకున్నాక ఉద్యోగం మారింది, జీతం పెరిగింది. అదే ఏడు మా టీమ్‌లో ఏ ఉంగరమూ లేనివాళ్లకూ పెరిగింది. మే నెలలో పుట్టినవాళ్లకు పచ్చ అని చెప్పే పట్టికైతే 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం ఖరారు చేసింది. దానికీ మన నవగ్రహాలకూ సంబంధం లేదు. అమ్మ నమ్మకాన్ని నేను కాదనను, ఉంగరం తీయను కూడా. గిన్నెలు తోమేటప్పుడు మాత్రం తీసి పక్కన పెడతాను, గోరువెచ్చని సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడుగుతాను.