“బ్యాండ్ పేపర్ మీదే సార్” అంటే నమ్మకండి – వద్దని మెయిల్ పెట్టి కూడా బుక్కయ్యాను

ఇప్పుడే ఇంటికొచ్చాను, బూట్లు కూడా విప్పలేదు. వైజాగ్‌లో ఐటీ ఉద్యోగం వెతుకుతున్న వాళ్లందరికీ ఆ కన్సల్టెన్సీ నుంచి ఎప్పుడో ఒకప్పుడు మెయిల్ వచ్చే ఉంటుంది. పేరు రాయను, మీకు తెలుసు.

పోయిన వారం మెయిల్. టెస్టింగ్ లీడ్, రుషికొండ, జీతం బ్యాండ్ ఏడాదికి 9 నుంచి 11 లక్షలు. నాది ఏడేళ్ల అనుభవం, ఇప్పుడు 15, అడుగుతున్నది 18 నుంచి 20. అంటే వాళ్ల పైమెట్టు కూడా నా ఇప్పటి జీతం కంటే 4 లక్షలు కింద. 11 లక్షలని రాశారు గానీ అందులో పది శాతం వేరియబుల్, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిసే ఉంటాయి. బేసిక్ 40 శాతం అనుకుని అవన్నీ తీసేసి, నా వంతు పీఎఫ్ కూడా పోతే చేతికొచ్చేది నెలకి 72 వేల లోపే. నాకిప్పుడు వస్తున్నది 98 వేలు. నెలకి 26 వేలు తగ్గించుకోడానికి ఇంటర్వ్యూ ఎందుకు?

అందుకే మర్యాదగా వద్దని రాశాను. ఇంగ్లీషులో రాసినా విషయం ఇదే: “నన్ను గుర్తు పెట్టుకుని రాసినందుకు ధన్యవాదాలు. ఉద్యోగ వివరాలు బాగున్నాయి, కానీ మీరు చెప్పిన బ్యాండ్ నేను ఆశిస్తున్న దానికి చాలా దూరంగా ఉంది. అందుకని ఇంటర్వ్యూకి రాలేను.” ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ పోస్ట్ ఉండేది కాదు. మరీ కటువుగా ఉందేమో అనిపించి చివర ఒక ముక్క తగిలించాను: “ఏమైనా వెసులుబాటు ఉంటే తప్పకుండా మాట్లాడుకుందాం.”

ఆ ముక్కే నన్ను ముంచింది. వద్దన్న మాట వాళ్లకి కనపడలేదు, వెసులుబాటు ఒక్కటే కనపడింది. పది నిమిషాల్లో ఫోన్. “సార్, బ్యాండ్ పేపర్ మీదే సార్. ప్యానెల్‌కి నచ్చితే ఎంతైనా ఇస్తారు, మీరు ఒక్కసారి రండి.” ఎంతైనా అంటే ఎంతమ్మా అని అడగలేదు నేను. అదే మాట మెయిల్‌లో పెట్టమని కూడా అనలేదు. ఏడేళ్లు ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టినవాణ్ణి, ఇంత పెద్ద బగ్ కళ్ల ముందున్నా వదిలేశాను.

ఇవాళ లీవు పెట్టి గాజువాక నుంచి బయల్దేరాను. ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్, హనుమంతవాక దగ్గర మళ్లీ ట్రాఫిక్. మూడు రౌండ్లు, మధ్యలో గంటన్నర కూర్చోబెట్టారు. టెక్నికల్ వాళ్లు మంచివాళ్లే, మెచ్చుకున్నారు కూడా. చివర్లో హెచ్ఆర్ ఆవిడ ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది: పదిన్నర. నేను 18 అన్నాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా, “మెయిల్‌లో బ్యాండ్ చూసే వచ్చారు కదండీ, ఇప్పుడు కొత్తగా అడిగితే ఎలా?” అంది. వద్దని రాశానండీ అన్నాను. “వద్దనుకున్నవాళ్లు రారు కదా” అంది, పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అన్నది నిజమే, అదే ఎక్కువ మండుతోంది. బయటికొచ్చి కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్లకి కావలసింది ప్యానెల్ ముందు కూర్చునే మనుషుల లెక్క. ఇవాళ ఆ లెక్కలో నేనొకణ్ణి.

దారిలో కూర్చుని ఆ ఆఖరి వాక్యాన్ని మళ్లీ రాసుకున్నాను: “నేను చూస్తున్నది ఫిక్స్‌డ్ 18 లక్షల నుంచి 20 లక్షలు. మీ బ్యాండ్ ఆ పరిధికి మారితే, మారిన అంకెతో ఈ మెయిల్‌కే జవాబివ్వండి, సంతోషంగా మాట్లాడతాను. ఈ పోస్టుకి మాత్రం నన్ను పరిగణించవద్దు.” ఇందులో కోపం ఎక్కడా లేదు. అంకె ఉంది, ఫిక్స్‌డ్ అన్న మాట ఉంది, ఫోన్‌లో మాట మార్చడానికి సందు లేదు. మీ పైమెట్టుకీ వాళ్ల పైమెట్టుకీ తేడా లక్షో రెండో అయితే ఇంత గట్టిగా రాయక్కర్లేదు, అది బేరానికి వచ్చే దూరమే. నాది 9 లక్షల దూరం.

ఇంకొకటి, ఇప్పటి జీతం ఎంతో ఆ మెయిల్‌లో రాయకండి, పేస్లిప్ జతచేయకండి. నేను ఫోన్‌లో 15 అని వాగేశాను. హెచ్ఆర్ ఆవిడ కాగితం మీద నా పేరు పక్కన అది ముందే రాసి ఉంది.